నూట పదిహేనుకు కొన్న బాండు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నా గురించి ఎవర్నడిగినా చెప్తారు, మా కాలేజీ క్యాంటీన్ అతనితో సహా. కోపం వచ్చినప్పుడు ముందు నోరు లేస్తుంది, తర్వాత మెదడు లేస్తుంది. ఈ రెంటికీ మధ్య జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. ఆ సోమవారం కూడా అంతే జరిగింది.

మాది చంద్రగిరి రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు ఎంబీఏ కాలేజీ. నా పేరు మోహన. పన్నెండేళ్లుగా అక్కడ ఫైనాన్స్ చెప్తున్నాను. కాలేజీకి స్టాఫ్ ప్రావిడెంట్ ఫండు ఉంది. ఊడ్చే మనిషి నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరి జీతాల్లోంచీ నెలనెలా కోసిన డబ్బు అందులోకి వెళ్తుంది. దాన్ని చూసుకోవడానికి ముగ్గురు ట్రస్టీలు, ఒక కార్యదర్శి. పాత ట్రస్టీ ఒకాయన సూళ్లూరుపేట బ్రాంచికి మారిపోతే, ఆ కుర్చీ నాకిచ్చారు. ఇచ్చిన వారానికే సంతకం కోసం ఒక ఫైలు వచ్చింది.

ఒక పెద్ద ప్రభుత్వ రంగ సంస్థ బాండు. ముఖవిలువ కోటి రూపాయలు. ఏటా తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అంటే తొమ్మిదిన్నర లక్షల కూపన్. ఇంకా సరిగ్గా నాలుగేళ్ల గడువు ఉంది, ఆఖర్న కోటి తిరిగి వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కొన్న ధర దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ముఖవిలువ వందకు నూట పదిహేను! కోటి రూపాయల బాండుకు కోటీ పదిహేను లక్షలు పోశారు.

వందకు పైన ధర పెట్టడం తప్పేమీ కాదు. బయట ఏడున్నర ఇస్తుంటే ఇది తొమ్మిదిన్నర ఇస్తోంది, కాబట్టి కాస్త ఎక్కువ పెట్టాల్సిందే. ఎంత ఎక్కువ అన్నదే ప్రశ్న. కొన్న రోజున ఇలాంటి బాండ్లు ఎంత రాబడికి చేతులు మారాయో స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో చూశాను. ఏడున్నర శాతం. ముందు ముందు వచ్చే డబ్బును ఆ రేటుతో తగ్గించి ఈ రోజు విలువకు తెస్తూ, ఫైలు వెనక అట్టమీదే లెక్క వేశాను. మొదటి ఏడాది వచ్చే తొమ్మిదిన్నర లక్షల విలువ ఈ రోజున ఎనిమిది లక్షల ఎనభై నాలుగు వేలు. రెండో ఏడాదిది ఎనిమిది ఇరవై రెండు. మూడోది ఏడు అరవై ఐదు. నాలుగో ఏడాది కూపనూ అసలూ కలిసి వచ్చే కోటీ తొమ్మిదిన్నర లక్షల విలువ ఎనభై రెండు లక్షలకు వెయ్యి తక్కువ. అన్నీ కూడితే కోటీ ఆరు లక్షల డెబ్బై వేలు.

కోటీ ఆరు లక్షల డెబ్బై వేల సరుకుకు కోటీ పదిహేను లక్షలు! తేడా ఎనిమిది లక్షల ముప్పై వేలు. నేను మళ్లీ కూడి చూశాను, ఫోన్లోనూ కూడి చూశాను. అంకె మారలేదు.

ఫైలు కింద కార్యదర్శి సంతకం ఉంది. రాజారత్నం. మా అకౌంట్స్ ఆఫీసరు. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, రోజూ బస్సులో పోయే మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఎవరింట్లో పెళ్లైనా, చావైనా ఫండు అడ్వాన్సు కాగితం తనే నింపి, తనే సంతకం పెట్టించి, తనే చేతికిచ్చే మనిషి. ఆయన మీద అనుమానం రావడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? అర నిమిషం. నాలుగు నెలల్లో పోతున్నాడు, పోతూ పోతూ ఇల్లు చక్కబెట్టుకున్నాడు అనుకున్నాను. ఈ బాండు అమ్మిన మద్రాసు బ్రోకరు దగ్గర కమీషను కొట్టేశాడు అనుకున్నాను. ఆయన్ని పిలిచి ఒక్క మాట అడుగుదాం అన్న ఆలోచన మాత్రం నా బుర్రకు రాలేదు.

ఫైలు చంకలో పెట్టుకుని సరాసరి కరస్పాండెంటు చక్రధర్ గారి గదిలోకి వెళ్లాను. కాలేజీ ఆయనది. ట్రస్టుకు కూడా ఆయనే ఛైర్మను. ఒకప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. లెక్కలు ఆయనకు నోటితో చెప్పాలి, కాగితం చూపిస్తే విసుగు.

"సార్, మన ఫండులో ఎనిమిది లక్షలు పోయినాయి," అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "పోయినాయంటే? ఎవుడు తినినాడు?"

వివరం చెప్పాను. వివరం ఎంతవరకు అర్థమైందో తెలీదు గానీ, చివర నేనన్న 'కమీషను' అనే మాట మాత్రం బాగా అర్థమైంది.

"రాజారత్నమా?" అన్నారు. "వాడి చేతిలో తాళాలు పెట్టి ముప్పై ఏండ్లు నిద్రపోయినాను గదమ్మా నేను!"

"నాకూ షాకే సార్."

"బుధవారం ట్రస్టు మీటింగు పెడతా. ఆ రోజే పోలీసు కంప్లైంటు. ఊరికే వదిలేది లేదు." ఆయన అప్పుడే బల్ల మీది ప్యాడు లాక్కున్నారు. నేను గర్వంగా బయటికొచ్చాను. నిజమే చెప్తున్నాను, గర్వంగానే వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కాలేజీ గోడలకు కూడా సంగతి తెలిసింది. రాజారత్నానికి తప్ప. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఒకరు. చిత్తూరులో కొత్తగా మేడ వేశాడట అన్నారు ఇంకొకరు. స్టాఫ్ తరఫు ట్రస్టీ, మా లైబ్రేరియన్ స్టెల్లా, మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"మేడం, రాజారత్నం అన్న అట్లాంటోడు కాదు మేడం. ఒగసారి ఆయన్నే అడిగి సూడండి."

"అడిగేదేముంది? అంకెలు అబద్ధం చెప్తాయా?" అన్నాను.

"అంకెలు చెప్పకపోవచ్చు మేడం. అయినా మనిషిని గూడా అడగల్ల గదా," అంది ఆ పిల్ల మెల్లగా. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. సరే, ముఖాముఖీ కడిగేసే వద్దామని అకౌంట్స్ గదికి బయల్దేరాను.

రాజారత్నం అప్పుడే అన్నం తిని క్యారియరు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రండి మేడం, కూసోండి. మీరు ట్రస్టీ అయినారని వింటానే నాకు శానా సంతోషం అయింది. ఇన్నాళ్లకు లెక్క తెలిసినోళ్లు వచ్చినారు."

"ఆ బాండు గురించి అడగడానికొచ్చాను," అన్నాను గట్టిగా. "నూట పదిహేనుకు ఎట్ల కొన్నారు మీరు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. నేను ఆశించింది అది కాదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడని చూస్తున్నాను నేను. ఈయనేమో పరీక్షలో వచ్చిన ప్రశ్న తను చదివిందే అయిన కుర్రాడిలా సంబరంగా సొరుగు లాగి తన లెక్కల ఫైలు తీశారు.

"బాండును ప్రాజెక్టు మాదిరి చూడమని చెప్పినారు గదా మేడం. అదే పద్ధతి." అందులోంచి గీతల కాగితం ఒకటి తీసి నా ముందు పరిచారు. "ఇదో, ఈ రోజు పెట్టే పెట్టుబడి మైనస్సు. ఏటా వచ్చే కూపన్లు ప్లస్సు. ఆఖర్న అసలు ప్లస్సు. అన్నీ ఈనాటి విలువకు తెచ్చి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది నికర ప్రస్తుత విలువ. సున్నాకు పైనుంటే ఒప్పుకో, కిందుంటే వద్దను. అంతే గదా?"

అంతే. నూటికి నూరుపాళ్లూ అంతే. ఆ వాక్యాలు వింటుంటే ఎక్కడో విన్నట్టుంది. నావే అవి. రెండేళ్ల కిందట నాన్-టీచింగ్ స్టాఫుకు వారం రోజుల తరగతులు పెట్టినప్పుడు నేను చెప్పిన పాఠం. భోగ్యానికి ఇల్లు తీసుకునే లెక్కతో మొదలుపెట్టాను. ముందు మొత్తం డబ్బు ఇంటివాడి చేతిలో పెడతాం, అద్దె లేకుండా ఉంటాం, గడువు తీరాక మొత్తం తిరిగొస్తుంది. బాండూ అలాంటిదే, అదీ ఒక ప్రాజెక్టే అని చెప్పాను. బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు కూడా.

కాగితం మీదికి వంగాను. రాత ముత్యాల్లా ఉంది. మొదటి ఏడాది తొమ్మిది లక్షల అయిదు వేలు. రెండో ఏడాది ఎనిమిది అరవై రెండు. మూడోది ఎనిమిది ఇరవై ఒకటి. నాలుగోది తొంభై లక్షల తొమ్మిది వేలు. మొత్తం కోటీ పదిహేను లక్షల తొంభై ఆరు వేలు. పెట్టుబడి కోటీ పదిహేను లక్షలు. నికరం: తొంభై ఆరు వేలు ప్లస్సు. దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, 'అంగీకరించవచ్చు' అని రాసుకున్నారు.

కూడికలో తప్పు లేదు. భాగహారంలో తప్పు లేదు. నాకు వచ్చినవి కోటీ ఆరు, ఈయనకు వచ్చినవి కోటీ పదిహేను చిల్లర. ఒకే బాండు, ఒకే కూపన్లు, ఒకే గడువు. తేడా ఉండేది ఒక్క చోటే.

"ఈనాటి విలువకు తేవడానికి ఏ రేటుతో డిస్కౌంటు చేశారు?" అని అడిగాను. అప్పటికే నా గొంతులో గట్టితనం పోయింది.

"ఐదు శాతం మేడం."

"ఐదెందుకు?"

ఆయన నా వైపు వింతగా చూశారు. సూర్యుడు తూర్పునే ఎందుకు వస్తాడని అడిగితే ఎలా చూస్తారో అలా. "ఐదే గదా మేడం. మీరే గదా బోర్డు మీద రాసినారు?" అని ఫోను తీసి, వెతికి, ఒక ఫోటో చూపించారు.

మా సెమినార్ హాలు బోర్డు. నా రాత. బోర్డు పైన, కుడి మూలన, గడి కట్టి మరీ రాశాను: 'డిస్కౌంట్ రేటు = 5%.'

అయ్యో దేవుడా! ఐదు ఎందుకు రాశానో నాకు తెలుసు. లెక్క సులువుగా అవుతుందని. ఒకటీ పాయింటు సున్నా ఐదుతో భాగించడం తేలికని. పరీక్షల్లో రేటు ప్రశ్నలోనే ఇచ్చి ఉంటుంది, పిల్లలు దాన్ని తీసుకుని లెక్క చేస్తారు. నేనూ అదే అలవాటులో రాసేశాను. రేటు అనేది మార్కెట్‌లోంచి రావాలనీ, ఇదే డబ్బు ఇంతే భద్రంగా ఇంకోచోట పెడితే ఎంత వస్తుందో అదే రేటనీ, అది రోజురోజుకూ మారుతుందనీ ఒక్క ముక్క చెప్పలేదు. ఈయన దాన్ని కిలోకు వెయ్యి గ్రాములన్నంత గట్టిగా పట్టుకున్నారు.

"బ్రోకరు మీకు ముందే నూట పదిహేను చెప్పాడా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

"లే మేడం. మొదట నూట ఏడూ ఇరవై పైసలు అని మెయిలు పెట్టినాడు, ఇదో ఈ ఫైల్లోనే ఉండాది. నేను లెక్కేసి, ఎనిమిది లక్షల డెబ్బై ఆరు వేలు ప్లస్సు వస్తాది, బాగుండాది అన్నాను. ఆ మద్రాసు అబ్బాయికి శానా ఆశ్చర్యం. 'సార్, మీరే లెక్కేస్తారా? ఏ రేటు వాడతారు?' అని అడిగినాడు. దాపరికమెందుకు, మా మేడం చెప్పిన ఐదు అని చెప్పినాను. మర్నాడు ఫోన్ చేసి, గిరాకీ పెరిగింది సార్, ఇప్పుడు నూట పదిహేను అన్నాడు. మళ్లా లెక్కేసినాను. అప్పటికీ సున్నాకు పైనే ఉండాది. ఒప్పుకున్నాను."

బల్ల అంచు పట్టుకున్నాను. ఆ బ్రోకరుకు నూట ఏడే కాస్త లాభం. ఈయన తన తక్కెడ రాయి ఏదో తనే విప్పి చూపించాడు. వాడు ఆ రాయికి సరిపడా, దానికి తొంభై ఆరు పైసలు మాత్రమే తక్కువగా, ధర కట్టి పంపించాడు. సున్నా కిందికి దిగకుండా, సున్నాకు ఆనుకుని. దొంగతనం జరిగింది. అందులో దొంగకు ఉపయోగపడింది నేను రాసిన అంకె.

"ఏమన్నా తప్పుండాదా మేడం? అట్ల చెమటలు పడతా ఉండాయే? నీళ్లు తాగండి," అన్నారాయన గ్లాసు అందిస్తూ.

"ఏం లేదు. రేపు మాట్లాడదాం," అని బయటపడ్డాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. అస్తమానం ముందు లేచే నా నోరు ఆ రోజు మొట్టమొదటిసారి లేవలేదు.

ఇంటికి పోయేదాకా నాతో నేనే బేరమాడుకున్నాను. ఆ ఫోటో ఎవరికి తెలుసు? తరగతిలో ఉదాహరణకు రాసిన రేటుకు నా పూచీ ఏంటి? పెద్దమనిషి, ముప్పై ఏళ్ల అకౌంటెంటు, బ్యాంకులో డిపాజిట్ వేస్తే ఏడు వస్తుందని తెలీదా? ఒక్కో ప్రశ్నకూ సమాధానం నాకు అనుకూలంగానే వచ్చింది. అయినా ఆయన గ్లాసు అందించిన చెయ్యి గుర్తొస్తే అన్నం దిగలేదు.

బుధవారం పదకొండింటికి మీటింగు. చక్రధర్ గారు, స్టెల్లా, నేను, ఎదురుగా రాజారత్నం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మినిట్స్ పుస్తకం తెరిచి, తేదీ వేసి, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. చక్రధర్ గారు జేబులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. "మా కాలేజీ అకౌంట్స్ ఆఫీసరు రాజారత్నం అను వ్యక్తి, బ్రోకరుతో కుమ్మక్కై..."

రాజారత్నం మొదటి రెండు మాటలు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు కూడా. తర్వాత పెన్ను ఆగిపోయింది.

"నేనా సార్?" అన్నారు. "దొంగతనమా?"

"ఎనిమిది లక్షల ముప్పై వేలు! యాడికి పోయినాయి? నూట ఆరుకు దొరికేది నూట పదిహేనుకు ఎట్ల కొంటివి?"

"లెక్క వేసినాను సార్. సున్నాకు పైన్నే ఉండాది సార్."

"ఏం లెక్కయ్యా అది? యాడ నేర్చుకున్నావు ఆ లెక్క?"

రాజారత్నం నోరు తెరిచారు. ఒక్కసారి నా వైపు చూశారు. నా ముఖంలో ఏం కనిపించిందో, నోరు మూసేశారు. బహుశా అప్పుడే ఆయనకు అర్థమై ఉంటుంది, నిన్న నాకెందుకు చెమటలు పట్టాయో. తల దించుకున్నారు.

"నేనే నేర్చుకున్నాను సార్. ఎవురూ చెప్పలా," అన్నారు.

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. నేను ఇరవై నాలుగు గంటలు దాచుకున్నదాన్ని ఆ మనిషి అర క్షణంలో కాపాడేశాడు. తనను దొంగ అన్నది నేనేనని పోల్చుకుని కూడా!

"అబద్ధం!" అని లేచాను. కుర్చీ వెనక్కి పడింది. "నేను చెప్పాను. ఆ లెక్క నాది. ఆ రేటు నాది."

"మేడం, మీరు జాలి పడి..." అన్నారు చక్రధర్ గారు.

"జాలి కాదు సార్, వినండి!" గోడకున్న తెల్లబోర్డు దగ్గరికి వెళ్లి మార్కరు తీశాను. నాలుగేళ్ల కూపన్లూ, ఆఖర్న అసలూ రాశాను. "బాండు కూడా ఒక ప్రాజెక్టే. దాని సరైన ధర అంటే ఏది? నికర ప్రస్తుత విలువ సరిగ్గా సున్నా అయ్యే ధర. అంతకంటే ఎక్కువ పెడితే మనం మునుగుతాం, తక్కువకు దొరికితే లాభం. అయితే ఏ రేటుతో తూకం వేస్తున్నామో దాన్ని బట్టి ఆ ధర మారుతుంది. మార్కెట్ రేటు ఏడున్నరతో తూస్తే నూట ఆరూ డెబ్బై. ఐదుతో తూస్తే నూట పదిహేనూ తొంభై ఆరు. రేటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఈయన ఐదుతో తూశాడు. ఎందుకంటే రెండేళ్ల కిందట ఐదు అని బోర్డు మీద రాసింది నేను. దాన్ని ఏ రోజుకారోజు మార్కెట్ రేటుకు మార్చుకోవాలని చెప్పనిదీ నేనే."

"కూపన్లు వస్తాయి గదా, నష్టం యాడుండాది?" అన్నారు చక్రధర్ గారు.

"వస్తాయి సార్. నూట పదిహేను పెడితే నాలుగేళ్లలో నూట ముప్పై ఎనిమిది వస్తాయి. అందుకే ఎవరికీ నొప్పి తెలీదు. కానీ ఆ ధరకు మన డబ్బు సంపాదించేది ఏడాదికి ఐదుంపావు శాతం. ఇంతే భద్రమైన బాండు బయట ఏడున్నర ఇస్తోంది. ఆ తేడా మన స్టాఫు జేబులోంచి బ్రోకరు జేబులోకి పోయింది, మొదటి రోజే." తర్వాత రాజారత్నం ముందున్న లెక్కల ఫైల్లోంచి ఆ గీతల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "చూడండి. తొంభై ఆరు వేలు ప్లస్సు. కమీషను తినేవాడు ఇంత ముత్యాల్లాగా లెక్క వేసి, ఎర్ర ఇంకుతో చుట్టి, ఫైల్లో పెడతాడా? నూట ఏడుకు వచ్చిన మొదటి మెయిలు కూడా తీసి ఇందులోనే పెట్టుకున్నాడు. దొంగ ఎక్కడైనా తన దొంగతనానికి రసీదు దాచుకుంటాడా?"

స్టెల్లా కళ్లు తుడుచుకుంది. చక్రధర్ గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు, తలకిందులుగా కాసేపు, సరిగ్గా తిప్పుకుని కాసేపు.

"అయితే వీడు తినలా," అన్నారు చివరికి.

"తినలేదు సార్. నేనే నోరు జారాను. తప్పు నాది."

ఆయన కంప్లైంటు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. "సరే. ఒగసారి పొరపాటు. ఎనిమిది లక్షలు నేనూ మేనేజిమెంటూ యాడో ఒగచోట సర్దుతాం. ఆ బ్రోకరు నా కొడుకు సంగతి లాయరుతో చెప్పిస్తా. రాజారత్నం, నువ్వు ఇంటికిపోయి ప్రశాంతంగా ఉండప్పా. ఈ మాట ఈ గది దాటకూడదు."

నా ఒంట్లోంచి పెద్ద బరువు దిగిపోయింది. నవ్వు కూడా వచ్చింది. రాజారత్నం వైపు తిరిగాను, ఆయన నవ్వుతారని. ఆయన బోర్డు మీది రెండు అంకెల్నీ చూస్తున్నారు. నూట ఆరూ డెబ్బై, నూట పదిహేనూ తొంభై ఆరు. పెదాలు కదులుతున్నాయి, లోపల ఏదో కూడుకుంటున్నట్టు. తర్వాత లేచి బయటికి వెళ్లారు.

"పాపం, ఏడుస్తా ఉంటాడు," అంది స్టెల్లా.

పది నిమిషాలకు వచ్చారు. రెండు చేతులా, గడ్డం కింద ఆనించి, ఫైళ్లు పట్టుకుని వచ్చారు. బల్ల మీద పెట్టారు. ఆరు.

"ఇవేంది?" అన్నారు చక్రధర్ గారు.

"బాండ్లు సార్. ఇది గాక ఈ రెండేండ్లలో కొనినవి. అన్నీ ఆ అబ్బాయి దగ్గరే. అన్నీ ఆ లెక్కతోనే." అన్నారాయన. "ఫైళ్ల మీద చూడకుండానే సంతకాలు అయిపోతాయి, ఏడాది లిస్టులో ముఖవిలువే రాస్తాం గాబట్టి కొన్న ధర ఎవురికీ కనపడదు సార్. నేనూ మళ్లా చూడలా. అన్నీ సున్నాకు పైన్నే ఉండాయి గదా అనుకున్నాను."

నేను పైన ఉన్న ఫైలు తెరిచాను. ముఖవిలువ యాభై లక్షలు, కూపను ఎనిమిదిన్నర, మూడేళ్లు, కొన్న ధర నూట తొమ్మిది. వందకు యాభై మూడు పైసలు ప్లస్సు అని ఎర్ర ఇంకు సున్నా. ఆ రోజు రేటు కూడా ఏడున్నర చుట్టుపక్కలే. బోర్డు మీద వేశాను. నూట రెండూ అరవై. ఈ ఒక్కదాని మీదే మూడు లక్షల ఇరవై వేలు. ఇంకా ఐదు ఫైళ్లు కిందున్నాయి, అట్టల మీది ముఖవిలువలు చూస్తే వాటిలో రెండు దీనికి నాలుగింతలు పెద్దవి.

చక్రధర్ గారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నారు. స్టెల్లా చేత్తో నోరు మూసుకుంది. ఆమె డబ్బూ, నా డబ్బూ, ఊడ్చే మనిషి డబ్బూ, మొత్తం అందులోనే ఉంది.

"చెప్పకుండా ఉండుంటే నాలుగు నెలల్లో పోయేవాడివి కదయ్యా," అన్నారు చక్రధర్ గారు కళ్లు తెరవకుండానే.

"తప్పని తెలిసినాక ఎట్ల సార్?" అన్నారు రాజారత్నం. సొరుగు తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం ఏమాత్రం లేదు. భయం ఉంది, తన కోసం కాదు.

"మేడం, ఒగ మాట. క్లాసులో మీ పిల్లోళ్లకు గూడా ఈ పాఠమే గదా చెప్పేది? వాళ్లు బ్యాంకుల్లో, కంపెనీల్లో ఉంటారు గదా. ఆ పిల్లోళ్లకు గూడా ఐదేనా మేడం రాసింది?"

పన్నెండేళ్లు. ఏడాదికి అరవై మంది.

"ఐదే," అన్నాను.